పేరు కొట్టేసినం, పిల్ల మాత్రం దొరికిపోయింది

ఆ తల్లి ఫోన్ చేసినప్పుడు నేను బస్సుల ఉన్న. "సారూ, మా బిడ్డ మందుల సంగతి ఊర్ల అందరికి ఎవరు చెప్పిన్రు?" అని అడిగింది. నాకు మొదలు అర్థం కాలే. హాస్టల్‌ల ఎవరో నోరు జారిన్రేమో అనుకున్న. మెల్లమెల్లగ విషయం బయటికొచ్చింది. ఒక సంస్థ వేసిన రిపోర్టు చివరి పేజీల ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపుల తిరిగింది. అండ్ల ఒక వరుస ఉన్నది: తొమ్మిదో తరగతి, ఎస్టీ, ఊరి పేరు, పుట్టిన తేదీ, రక్తం శాతం, చివరికి "టీబీ మందులు వాడుతున్నది". పేరు లేదు. కానీ ఆ ఊరి నుంచి ఆ హాస్టల్‌ల తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒక్కతే. పేరు రాయాల్సిన పనే లేకుండె.

ఆ పట్టిక చేసి పంపింది నేనే. పదేండ్లు ఒక జిల్లాల విద్యాశాఖకు లెక్కలు చూసే కాంట్రాక్టు ఉద్యోగం చేసిన. బడులు, హాస్టళ్లు, పిల్లల సంఖ్యలు, సార్ల ఖాళీలు, అన్నీ నా కంప్యూటర్ మీదికెళ్లే పోయేటియి. ఆ రోజు బయటి సంస్థోళ్లు హాస్టల్ పిల్లల్ల రక్తహీనత మీద రిపోర్టు రాస్తమన్నరు. పైనున్న సార్ "పర్సనల్‌వి తీసేసి పంపు" అన్నడు. నేను తీసేసిన. పిల్ల పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఆధార్, ఫోన్ నంబర్, అడ్మిషన్ నంబర్. ఐదు కాలమ్‌లు పోయినయ్. పని అయిపోయిందనుకున్న. ఆ సంస్థోళ్లు కూడ మంచిమనసుతోనే మొత్తం పట్టికను అనుబంధంగ వెనక పేజీలల్ల పెట్టిన్రు.

ఆ పిల్ల దసరా సెలవులకు ఇంటికొచ్చి మళ్ల నెల దాకా హాస్టల్‌కు పోలే. గదిల తోటి పిల్లలు ఆమె గ్లాసు వేరే పెట్టిన్రట. మందులు సగం నెల నడిచినంక టీబీ అంటుకునుడు దాదాపు ఉండదని నర్సమ్మ చెప్పినా వినలే. అప్పటి నుంచే నేను ఈ పని మళ్ల మొదట్నుంచి నేర్చుకున్న. ఇప్పుడు రాసేది ఆ నేర్చుకున్నదే.

తప్పు ఎక్కడ జరిగిందంటే, మనం కాలమ్ పేరును చూసి "ఇది పర్సనల్, ఇది కాదు" అని గీత గీస్తం. పేరు, ఆధార్, ఫోన్ పర్సనల్. తరగతి, కులం, ఊరు పర్సనల్ కాదు, అవి లెక్కలు. విడివిడిగ చూస్తే నిజమే. కలిపి చూస్తే కాదు. అమెరికాల 1997 ప్రాంతంల లతాన్య స్వీనీ అనే విద్యార్థిని ఇదే చూపించింది. మసాచుసెట్స్ రాష్ట్రం ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకిచ్చింది. అండ్ల పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్ కోడ్ లాంటిది మిగిలినయ్. ఆమె ఓటర్ల జాబితా కొని, ఆ మూడింటిని జోడించి, ఆ రాష్ట్ర గవర్నర్ విలియం వెల్డ్ రికార్డునే పట్టుకున్నది. ఆమెకు ఓటర్ల జాబితా కావాల్సి వచ్చింది. మన ఊర్లల్ల అది కూడ అక్కర్లే. ఎవరి బిడ్డ ఏ హాస్టల్‌ల ఏ తరగతి అన్నది ఊరందరికి నోటిమీదనే ఉంటది.

అంతకంటె ముందు ఇంకో తప్పు ఉన్నది, మస్తుమంది చేసేది. తీసెయ్యకుండ దాచిపెట్టుడు. ఎక్సెల్‌ల కాలమ్ మీద కుడి క్లిక్ కొట్టి Hide అంటరు. కంటికి కనపడది, ప్రింటుల రాదు. ఫైల్ పంపినంక అవతలాయన Unhide అంటే మొత్తం ఎదురుగ నిలబడ్తది. అక్షరాలకు తెల్లరంగు వేసినోళ్లను చూసిన. పీడీఎఫ్ మీద నల్లడబ్బా గీసినోళ్లను కూడ చూసిన. డబ్బా కింద అక్షరాలు అట్లనే ఉంటయ్, కాపీ చేసి వేరే దగ్గర పేస్ట్ చేస్తే చదువుకోవచ్చు.

ఇట్ల దాచిన దానికి ఎంత మూల్యం అయితదో ఉత్తర ఐర్లండ్ పోలీసులను అడగాలె. 2023 ఆగస్టు 8న జరిగింది. ఎవరో సమాచార హక్కు చట్టం లాంటి అక్కడి చట్టం కింద చిన్న ప్రశ్న అడిగిన్రు: ఒక్కో ర్యాంకుల ఎంతమంది పోలీసులున్నరు, ఒక్కో గ్రేడుల ఎంతమంది సిబ్బంది ఉన్నరు? జవాబు ఒక చిన్న పట్టిక. ఆ పట్టిక చెయ్యనీకి సిబ్బంది రికార్డుల నుంచి మొత్తం జాబితాను ఒక ఎక్సెల్ ఫైల్‌లకు దించిన్రు. లెక్క తేలినంక కనపడే షీట్లు తీసేసిన్రు. అసలు జాబితా ఉన్న షీట్ మాత్రం కంటికి ఆనకుండ అండ్లనే మిగిలిపోయింది. ఆ ఫైల్‌నే బహిరంగ వెబ్‌సైట్‌ల పెట్టిన్రు. 9,483 మంది ఇంటిపేర్లు, పేర్ల పొడి అక్షరాలు, ర్యాంకు, ఎక్కడ పనిచేస్తరు, ఏ విభాగం, అన్నీ దాదాపు మూడు గంటలు జనం ముందట ఉన్నయ్. పోలీసు కొలువు చేస్తున్నట్టు పక్కింటోళ్లకు కూడ చెప్పుకోలేని చోటది. సాయుధ గుంపులు వాళ్లను వెతికి చంపిన చరిత్ర ఉన్నది. ఆ జాబితా ఆ గుంపుల చేతికి పోయిందని పోలీసు పెద్దలే ఒప్పుకున్నరు. అక్కడి సమాచార కమిషనర్ 7.5 లక్షల పౌండ్ల జరిమానా వేసిండు. ప్రభుత్వ సంస్థ కాకపోతే అది 56 లక్షల పౌండ్లు అయ్యేదని కూడ చెప్పిండు.

అడిగింది సంఖ్యలు, పోయింది మనుషులు. ఇండ్ల కొంటెతనం ఏం లేదు, మనం రోజూ చేసే పనే. అందుకే నేను ఇప్పుడు అసలు ఫైల్‌ల కాలమ్‌లు తీసేసే పనే పెట్టుకోను. కొత్త ఖాళీ ఫైల్ తెరుస్త. బయటికి పోవాల్సిన కాలమ్‌లను మాత్రమే పాత ఫైల్ నుంచి కాపీ చేసి, కొత్తదాంట్ల Paste Special, దాంట్ల Values అని పెడుత. తీసేసుడుల మర్చిపోతే పిల్ల బయటపడ్తది. తెచ్చుకునుడుల మర్చిపోతే ఒక కాలమ్ తక్కువైతది, అవతలోళ్లు అడిగితే మళ్ల పంపొచ్చు. మర్చిపోవుడు ఎట్లయినా తప్పదు కాబట్టి, ఏ వైపు మర్చిపోతే నష్టం తక్కువో ఆ వైపే నడవాలె.

Values అని పెట్టుడు ఎందుకంటే పివట్ టేబుల్ ఉన్నది చూడండి, అది మహా మోసగత్తె. పైకి పది అంకెల పట్టికే కనపడ్తది. కానీ లోపల తనకు తిండిపెట్టిన జాబితా మొత్తాన్ని నకలు తీసి కడుపుల పెట్టుకుంటది. జాబితా షీట్ తీసేసినా ఆ నకలు ఫైల్‌ల ఉండిపోతది. పట్టికల ఒక అంకె మీద రెండుసార్లు క్లిక్ కొడితే చాలు, ఆ అంకె వెనకున్న మనుషులు పేర్లతో సహా కొత్త షీట్‌ల వరుసగ దిగుతరు. నమ్మకపోతే మీ ఆఫీసుల పాత ఫైల్ ఒకటి తీసి చేసి చూడండి.

ఇంకో చిన్న సంగతి, నాకు కూడ చాన ఆలస్యంగ తట్టింది. పేర్లు తీసేసినం గానీ వరుస మార్చలేదనుకో, హాజరు పట్టీల పదిహేడో పిల్లే పట్టికల పదిహేడో పిల్ల. హాస్టల్‌ల ఎవరైనా పట్టీ పక్కన పెట్టుకుని చదివితే చాలు. అందుకే పక్కన ఒక కాలమ్‌ల `=RAND()` అని వేసి, దాని ప్రకారం వరుసలను కలగాపులగం చేసి, ఆ కాలమ్ తీసేస్త. అడ్మిషన్ నంబర్ బదులు కొత్త నంబర్లు కావాలంటే ఈ కలిపిన వరుసకు ఇస్త. ఏ నంబర్ ఎవరిదన్న చిట్టా ఆఫీసుల బీరువాల ఉంటది, ఫైల్‌తోని పోదు.

ఇగ అసలు ముచ్చటకు వద్దాం, మిగిలిన కాలమ్‌లు. ఆ హాస్టల్ పట్టికనే మళ్ల ముందట వేసుకున్న. 240 మంది పిల్లలు, ఆరు నుంచి పది దాకా. తరగతి A కాలమ్‌ల, వర్గం B ల, ఊరు C ల ఉన్నయ్. పక్కన ఖాళీ కాలమ్‌ల ఈ ఫార్ములా వేసి కిందిదాక లాగిన:

```
=COUNTIFS($A$2:$A$241,A2,$B$2:$B$241,B2,$C$2:$C$241,C2)
```

ఇది చెప్పేది ఒక్కటే. ఈ పిల్ల లెక్కనే అదే తరగతి, అదే వర్గం, అదే ఊరు ఉన్నోళ్లు పట్టికల మొత్తం ఎంతమంది? జవాబు 1 వస్తే ఆ పిల్ల ఒంటరి, పేరు ఉన్నా లేకున్నా ఒక్కటే. 240 వరుసలల్ల 158 దగ్గర 1 వచ్చింది. పుట్టిన తేదీని లెక్కల కలపకముందే ఇది. నేను "పర్సనల్‌వి తీసేసిన" అని చెప్పుకున్న ఫైల్ ఇదే. ఆ రోజు ఈ ఒక్క లైన్ వేసి ఉంటే ఫైల్ నా టేబుల్ దాటేది కాదు.

తర్వాత ఒక్కొక్కటి వదులుకుంట పోయిన. ముందు ఊరు. రక్తహీనత రిపోర్టుకు ఊరి పేరు దేనికి? హాస్టల్‌ల అందరూ ఒకే అన్నం తింటరు. అడిగినోళ్లకు కూడ ఊరు అవసరం లేకుండె, పట్టికల ఉన్నది కాబట్టి పోయింది. పుట్టిన తేదీ తీసేసిన, తరగతి ఉన్నంక వయసు ఎట్లైనా తెలుస్తది. మళ్ల లెక్క చూసిన, ఈసారి తరగతి, వర్గం మాత్రమే. ఒంటరి వరుసలు చాన తగ్గినయ్ గానీ కొన్ని తరగతులల్ల ఓసీ పిల్లలు ఒకరో ఇద్దరో, ఎనిమిదిల ఎస్టీ పిల్లలు ముగ్గురు. అప్పుడు తరగతులను రెండు గుంపులు చేసిన, 6 నుంచి 8, 9 నుంచి 10. ఓసీ, మైనారిటీలను కలిపి "ఇతరులు" అన్న. ఇప్పుడు అన్నిటికంటె చిన్న గుంపుల 8 మంది.

ఎస్సీ, ఎస్టీ, బీసీ కాలమ్ మాత్రం తియ్యలే. తీసెయ్యమన్నోళ్లు ఉన్నరు, ఇంకా భద్రంగ ఉంటదని. ఏ పిల్లల రక్తం ఎక్కువ పడిపోతున్నదో తెలుసుకునేది ఆ కాలమ్‌తోనే కద. అది తీసేస్తే రిపోర్టే దండగ. దాన్ని కాపాడుకోనీకే ఊరును, తరగతిని ఖర్చు పెట్టిన.

ఎంతమంది గుంపైతే సరిపోతదన్నదానికి ఒక్క అంకె లేదు. కొందరు 5 అంటరు, కొందరు 10. ఊరి వాట్సాప్ దాకా పోయే రిపోర్టుకైతే ఐదు తక్కువనే అంట. అయినా గుంపు పెద్దగున్నంత మాత్రాన బయటపడ్డట్టు కాదు. గుంపుల ఎనిమిది మందీ రక్తం తక్కువున్నోళ్లే అయితే, ఏ వరుస ఎవరిదో వెతకాల్సిన పనే లేదు, ఎనిమిది మంది సంగతీ తెలిసినట్టే. టీబీ మందుల కాలమ్ దానికంటె చెడ్డది. ఎనిమిదిట్ల ఒకరు వాడుతున్నరని రాస్తే, ఎనిమిది గ్లాసులు వేరే పెడ్తరు. ఇసొంటి కాలమ్‌కు గుంపులు కట్టుడు పనిచెయ్యది. దాన్ని పిల్లల వరుసల నుంచి పూర్తిగ తీసేసి, జిల్లాల అన్ని హాస్టళ్లకు కలిపి ఒక్క అంకెగ ఇచ్చిన. సంస్థోళ్లు గొణిగిన్రు గానీ తీసుకున్నరు.

వరుసలు ఇయ్యకుండ మొత్తం లెక్కలే ఇస్తే ఏ బాధా ఉండదనుకుంటరు. అక్కడ కూడ ఒక గుంత ఉన్నది. ఒక పట్టికల "దవాఖానకు పంపినోళ్లు 21" అని రాసిన్రు. కింద ఎస్సీ 6, బీసీ 9, ఇతరులు 5, ఎస్టీ దగ్గర చుక్క. చిన్న అంకె కాబట్టి దాచినమని గర్వంగ కింద రాసుకున్నరు. ఆరు, తొమ్మిది, ఐదు కలిపితే ఇరవై. ఇరవై ఒకటిల నుంచి ఇరవై తీసేస్తే చుక్క వెనకున్నది ఒక్క పిల్ల. మొత్తం ఇచ్చినప్పుడు ఒక్క గడిని దాచుడు దాచుడే కాదు. ఇంకో గడిని కూడ దాచాలె, లేదంటే రెండు వర్గాలను కలపాలె, లేకుంటే మొత్తాన్నే ఇయ్యొద్దు. పోయిన ఏడాది ఇదే హాస్టల్ గురించి వచ్చిన రిపోర్టు పక్కన పెట్టి తీసివేసినా ఇట్లనే దొరుకుతది. కాబట్టి ముందు ఏం బయటికి పోయిందో ఆఫీసుల ఒక రిజిస్టర్ రాసుకోవాలె. మా ఆఫీసుల అసొంటిది లేకుండె. చాన ఆఫీసులల్ల ఉండదు.

ఇదంతా ఇప్పుడెందుకంటున్ననంటే, గాలి అటునుంచి ఇటు తిరిగింది. 2017ల సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను చూసి, దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు జనం ముందట పడి ఉన్నయని చెప్పింది. అండ్ల రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఇంకోటి చంద్రన్న బీమాది. కూలీకి పైసలు ముట్టినయా లేదా అని జనం చూసుకోనీకి పెట్టిన లెక్కలవి. పెట్టాల్సినవే. దాంట్ల ఆధార్, బ్యాంకు ఖాతా కాలమ్‌లు కూడ పెట్టుడే తప్పు. అప్పుడు అన్నీ బయట పెట్టేటోళ్లు, ఇప్పుడు ఏదీ పెట్టమంటున్నరు.

2023 ఆగస్టుల డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబర్‌ల వచ్చినయ్. సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు మాత్రం ఆ తర్వాత 18 నెలలకు అమలైతయ్. సమాచారం భద్రంగ పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా పోవచ్చు. పద్దెనిమిదేండ్ల లోపు అందరూ ఈ చట్టం లెక్కల పిల్లలే. ఇవన్నీ మంచివే. కానీ అదే చట్టం సమాచార హక్కు చట్టంల సెక్షన్ 8(1)(జె)ను కూడ మార్చేసింది. ఇంతకుముందు ప్రజా ప్రయోజనం ఉంటే ఇయ్యాలని అక్కడనే రాసి ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అయితే ఇయ్యనక్కర్లే అన్నంత పొట్టిగ అయింది. ఈ మధ్య నాకు తెలిసిన ఒక సార్ల సంఘం నాయకుడు మండలాల వారీగ సార్ల ఖాళీలు, డిప్యుటేషన్లు అడిగితే "ఇది సిబ్బంది వ్యక్తిగత సమాచారం" అని ఒక్క లైన్ జవాబొచ్చింది. ఏ మండలంల ఎన్ని కుర్చీలు ఖాళీగ ఉన్నయన్నది ఎవరి వ్యక్తిగతం? కుర్చీలదా?

ఆ చట్టంలనే సెక్షన్ 10 ఉన్నది, దాన్ని ఎవరూ తియ్యలే. ఇయ్యకూడని భాగం ఉంటే దాన్ని వేరు చేసి మిగిలింది ఇయ్యాలె అంటది. సెక్షన్ 8(2) ప్రకారం ప్రజా ప్రయోజనం ఎక్కువుంటే ఇప్పటికీ ఇయ్యొచ్చు. నేను పైన చెప్పిన పని, కొత్త ఫైల్, కావాల్సిన కాలమ్‌లు, గుంపుల లెక్క, ఇదంతా సెక్షన్ 10ని కంప్యూటర్ మీద చేసుడే. సార్ల ఖాళీల పట్టికల పేరు, ఉద్యోగి నంబర్, పుట్టిన తేదీ, ఆరోగ్య కారణం ఉన్న కాలమ్‌లు తేకుండ, మండలం, సబ్జెక్టు, మంజూరైనయ్, ఖాళీ అన్న నాలుగు కాలమ్‌లు తెస్తే అరగంట పని. "వ్యక్తిగతం" అని జవాబు రాయనీకి ఐదు నిమిషాలు. తేడా ఆ ఇరవై ఐదు నిమిషాలదే. మొదటి అప్పీలు వేసేటోళ్లు నాకు మొత్తం ఫైల్ కావాలె అని కొట్లాడొద్దు, ఫలానా కాలమ్‌లు వేరు చేసి మిగిలినయ్ సెక్షన్ 10 కింద ఇయ్యండి అని కాలమ్‌ల పేర్లు రాసి అడగాలె. ఆ సంఘపాయనకు నేనే అట్ల రాసిచ్చిన. అప్పీలు పోయింది, ఇంకా జవాబు రాలే.

ఆ పిల్ల మందుల కోర్సు అయిపోయింది. పదో తరగతి వేరే హాస్టల్‌ల చేరింది, మేనమామ ఊరికి దగ్గర. వాళ్లమ్మకు తప్పు నాదేనని చెప్పనీకి ఒకసారి పోయిన. చాయ్ పోసింది. "పేరు లేదు కద సారూ, ఎట్ల తెలిసిందో నాకు ఇప్పటికి సమజైతలేదు" అన్నది. ఫోన్‌ల ఆ పేజీ ఫొటో ఇంకా ఉంచుకున్నది. నేను ఆ వరుస మీద వేలు పెట్టి, తరగతి, వర్గం, ఊరు అని ఒక్కొక్కటి చదివి చూపించిన.